చీకటి గదిలో పుట్టగొడుగులు: చీకటి కావలసింది కొంతకాలమే

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ పూర్తిచేశాడు. ఇంట్లో వెలుతురు రాని గది ఒకటి ఖాళీగా ఉంది. అందులో పుట్టగొడుగులు పెంచి అమ్ముతానంటున్నాడు. దిగుబడి ఎంత వస్తుంది, ఎక్కడ అమ్ముకోవాలి? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: బటన్ రకానికి ప్రత్యేకంగా తయారుచేసిన కంపోస్టు, చల్లని వాతావరణం కావాలి కాబట్టి, మీ అబ్బాయిని శీతకాలంలో వరిగడ్డిపై పెరిగే ముత్యపు చిప్ప పుట్టగొడుగులతో మొదలుపెట్టమనండి.

మొదటి విడతకు 20 కిలోల ఎండుగడ్డి చాలు. దాన్ని రెండంగుళాల ముక్కలుగా కోసి, నానబెట్టి, సుమారు 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి, నీడలో ఆరబెట్టాలి. పిడికిట్లో గట్టిగా పిండితే చేయి తడి కావాలే గాని నీటిచుక్క రాలకూడదు. కిలో ఎండుగడ్డికి దాదాపు 100 గ్రాముల విత్తనం చొప్పున పొరలుగా వేసి, 20 సంచులు నింపి, వాటికి చిన్న రంధ్రాలు చేయాలి.

విత్తనం నుంచి వచ్చే తెల్లని బూజు సంచినంతా అల్లుకునే మూడు వారాలే చీకటి కావాలి. తర్వాత పలుచని వెలుతురు, గాలి మార్పిడి, గదిలో తేమ తప్పనిసరి. తలుపులు మూసే ఉంచితే కాడలు పొడవుగా సాగి, గొడుగులు చిన్నవిగా మిగిలిపోతాయి. అందువల్ల మీ గదికి కిటికీ గాని, గాలిని బయటికి పంపే ఫ్యాను గాని లేకపోతే ముందు ఆ ఏర్పాటు చేయించండి. కోత ఆలస్యమైతే పుట్టగొడుగుల నుంచి గాలిలో చేరే సూక్ష్మ బీజాలు దగ్గు, ఆయాసం తెప్పించగలవు కాబట్టి ఆ గదిలోగాని, దాని పక్కన గాని ఎవరూ పడుకోకూడదు.

కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి 700 గ్రాముల వరకు పచ్చి పుట్టగొడుగులు వస్తాయని లెక్కించుకోవచ్చు. అంటే 20 సంచులకు రెండు నెలల్లో 10 నుంచి 14 కిలోలు. ఇది జీతానికి సాటివచ్చే ఆదాయం కాదని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. ఈ విడతను శిక్షణగానే చూడాలి.

కొత్తవారు ఎక్కువగా నష్టపోయేది ఆకుపచ్చ బూజు వల్ల. గడ్డి సరిగా ఉడకకపోవడం, తడి ఎక్కువ కావడం, పాతబడిన విత్తనం వాడడం దీనికి ప్రధాన కారణాలు. మచ్చ పెద్దదైన సంచిని విప్పకుండా గది నుంచి దూరంగా పాతిపెట్టాలి. విత్తనాన్ని బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వంటి నమ్మకమైన చోట తీసుకోండి; శిక్షణ గురించి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో విచారించండి.

ఇక అమ్మకం. కోసిన సరుకు బయట ఒక రోజుకు మించి నిలవదు, ఒకేసారి నింపిన సంచులన్నీ దాదాపు ఒకేసారి కోతకు వస్తాయి. అందుకే ఆ 20 సంచులనూ ఒకేసారి కాకుండా వారానికి ఐదు చొప్పున నింపి, కోతకు ముందే రెండు మూడు హోటళ్లు, కర్రీ పాయింట్లు, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులతో మాట్లాడుకోవాలి. మన వినియోగదారులకు బటన్ రకమే ఎక్కువ పరిచయం కాబట్టి, మొదట్లో 200 గ్రాముల ప్యాకెట్టుతో పాటు వండే విధానం కూడా రాసి ఇవ్వడం మేలు. మిగిలిన సరుకును అదే రోజు ఎండబెట్టవచ్చు గాని, పది కిలోలకు దాదాపు కిలోయే తేలుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ముత్యపు చిప్ప సరిగా పండదు. అప్పటికి చేయి తిరిగితే, వేడిని తట్టుకునే పాల పుట్టగొడుగులకు మారవచ్చు.