నర్మదా పరిక్రమకు జీతం లేని సెలవు: రాజీనామా రాసివ్వకుండా ఎలా అడగాలి?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంటెంటుగా పనిచేస్తున్న. జీతం 19,000. వచ్చే మే నెలకు ఐదేళ్లు నిండుతయి. నర్మదా పరిక్రమ కాలినడకన చేస్తనని మొక్కుకున్న. నవంబర్ 20 నుంచి నాలుగు నెలలు జీతం లేకుండా సెలవు అడిగితే, మా సేటు "పత్తి సీజన్ల పోతే ఎట్ల? రాజీనామా రాసిచ్చి పో, వచ్చినంక మళ్ల పెట్టుకుంట" అంటున్నడు. నాకు హక్కుగా సెలవు రాదా? దరఖాస్తు ఎట్ల రాయాలె?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ప్రైవేటు సంస్థలో నాలుగు నెలల జీతం లేని సెలవును హక్కుగా ఇప్పించే నిబంధన ఏ చట్టంలోనూ లేదు. పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జమయ్యే జీతంతో కూడిన సెలవు మాత్రమే మీకు హక్కు. అంతకు మించినది యజమాని అంగీకారంతో రావలసిందే కాబట్టి, మీ దరఖాస్తు సేటు "సరే" అనడానికి వీలుగా ఉండాలి.

రాజీనామా మాత్రం రాయవద్దు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీకి అర్హత వస్తుంది. మంజూరైన సెలవు, జీతం లేనిదైనా, సర్వీసును తెంపదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం చెప్పిన ఈ మాటనే కొత్త సామాజిక భద్రతా కోడ్ కూడా చెబుతోంది. మూలవేతనం, కరువు భత్యం కలిపి మీకు 13,000 ఉందనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో హెచ్చించగా ఏడాదికి 7,500, ఐదేళ్లకు 37,500 రూపాయలు. సెలవులో వెళ్లి తిరిగివస్తే మే నెలలో మీరు దానికి అర్హులవుతారు. రాజీనామా ఇస్తే నాలుగున్నరేళ్ల సర్వీసు అక్కడితో ముగిసి, మళ్లీ చేరిన రోజు నుంచి లెక్క ఒకటితో మొదలవుతుంది. మళ్లీ పెట్టుకుంటానన్న మాట సేటు నిజంగానే నిలబెట్టుకున్నా ఈ నష్టం తప్పదు.

ఇక రోజుల లెక్క. నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. రెండు గట్లూ కలిపితే 2,600 పైచిలుకు. రోజుకు 20 కిలోమీటర్లు నడిచినా 131 రోజులు పడుతుంది. సముద్ర సంగమం దగ్గర నావ కోసం ఆగడం, జ్వరం వస్తే ఆశ్రమంలో పడుకోవడం, రానుపోను రైలు ప్రయాణం దీనికి అదనం. నాలుగు నెలలు అడిగి దారి మధ్యలో నుంచి పొడిగింపు కోరడం కంటే, ఇప్పుడే 150 రోజులు, అంటే ఏప్రిల్ 18 వరకు అడగండి. సెలవు ముగిసిన ఎనిమిది రోజుల్లోగా వచ్చి సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగంపై హక్కు పోతుందనే షరతు సంస్థ ఉద్యోగ నియమాలైన స్టాండింగ్ ఆర్డర్లలో సాధారణంగా ఉంటుంది. ఫోను సిగ్నలు సరిగా అందని గట్టు మీద నడుస్తూ మీరు ఆ గడువును కాపాడుకోలేరు.

ఈ 150 రోజుల్లో మొదటి 30 రోజులను మీకు జమైన జీతపు సెలవు నుంచి వాడుకోండి. ఇందులో ఒక మెలిక ఉంది. మీ జీతం 21,000 లోపు కాబట్టి మీరు ఈఎస్ఐ పరిధిలో ఉన్నారు. అక్టోబర్ నుంచి మార్చి వరకు ఉండే చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడితేనే, తర్వాతి జూలై నుంచి డిసెంబర్ వరకు జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం భత్యం వస్తుంది. నవంబర్ 19 నాటికి మీకు పడేది 50 రోజులే. అధీకృత సెలవుకు చెల్లించే జీతం కూడా ఈఎస్ఐ లెక్కలో వేతనమే కనుక, డిసెంబర్ 19 వరకు జీతపు సెలవు పెడితే అది 80 అవుతుంది. మిగిలిన 120 రోజులు జీతం లేనివి. ఆ రోజులకు పీఎఫ్ చందా పడదు, పెన్షన్ సర్వీసులో అంతమేర తగ్గుతుంది. దానికి మార్గం లేదు.

సేటు అభ్యంతరం న్యాయమైనదే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మిల్లుకు ఊపిరి సలపని కాలం. అందువల్ల దరఖాస్తులో మొక్కు గురించి రెండు వాక్యాలు చాలు, పని ఎలా నడుస్తుందన్నది ఒక పేజీ ఉండాలి. ప్రతి నెలా 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బి అని తేదీల వారీగా రాసి, ఒక్కోదాని ఎదుట బాధ్యుడి పేరు పెట్టండి. రైతుల దగ్గర నేరుగా కొన్న పత్తిపై పన్ను మిల్లే కట్టాలన్న సంగతి కొత్తగా కూర్చునే మనిషి మరిచిపోయేది కనుక, తక్‌పట్టీలను చూసి ఆ లెక్క తీసే పద్ధతిని విడిగా రాసివ్వండి. మీ ఫోనుకు వస్తున్న ఓటీపీలను సేటు నంబరుకు మార్పించండి. లేకపోతే 20వ తేదీన మిల్లంతా మీ కోసం వెతుకుతుంది. సంతకం చేసిన ఖాళీ చెక్కులు మీ దగ్గర ఉంటే లెక్కపెట్టి తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. మీరు లేని కాలంలో జరిగిన లావాదేవీ మీ మెడకు చుట్టుకోకుండా అదే అడ్డుపడుతుంది.

మీకు ఇవ్వనవసరం లేని నాలుగు నెలల జీతంతో ఒక రిటైర్డ్ అకౌంటెంటును పెట్టుకోవచ్చని మీరే సూచించండి. నవంబర్ మొదటి వారం నుంచి ఆయనకు పక్కన కూర్చుని పని చూపిస్తానని చెప్పండి. ఆయన నియామక పత్రంలో "ఏప్రిల్ 18 వరకు మాత్రమే" అని రాయించడం మీ కుర్చీకి రక్ష.

దరఖాస్తు చివర ఈ మాటలు ఉండనివ్వండి: "నవంబర్ 20 నుంచి డిసెంబర్ 19 వరకు జీతంతో, డిసెంబర్ 20 నుంచి ఏప్రిల్ 18 వరకు జీతం లేకుండా సెలవు మంజూరు చేసి, ఏప్రిల్ 19న ఇదే హోదాలో, ఇదే జీతంతో, సర్వీసు కొనసాగింపుతో విధుల్లో చేరడానికి అనుమతిస్తూ లిఖితపూర్వకంగా తెలుపగలరు. అనారోగ్యం వల్ల ఆలస్యమైతే నా భార్య ద్వారా సమాచారం పంపుతాను; 15 రోజుల వరకు పొడిగింపు ఇవ్వగలరు."

నా దగ్గరికి వచ్చిన ఒక కక్షిదారుకు యజమాని "పోయి రా బిడ్డా" అని నోటిమాట ఇచ్చాడు. తిరిగి వచ్చేసరికి హాజరు పట్టీలో మూడు నెలలు వరుసగా గైర్హాజరు వేసి, పేరు కొట్టేశారు. విచారణ జరపకుండా గైర్హాజరు పేరుతో తొలగించడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లోనే డి.కె. యాదవ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మా పక్షాన ఉన్నా, మంజూరు చేసిన కాగితం లేనందువల్ల లేబర్ కోర్టులో ఏళ్లు గడిచాయి. కాబట్టి దరఖాస్తు నకలుపై తేదీతో "అందినది" అనే సంతకం, ఆ తర్వాత మంజూరు పత్రం, రెండూ ఇంట్లో ఉన్నాకే రైలెక్కండి.

ఇంత చేసినా సేటు ఒప్పుకోకపోతే కోర్టు ద్వారా ఒప్పించలేము. అప్పుడు వాహనంలో చేసే పరిక్రమ గురించి ఆలోచించండి. అది మూడు వారాల లోపే పూర్తవుతుంది కనుక మీ 30 రోజుల జీతపు సెలవులో ఇమిడిపోతుంది. దానికి కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు ఇస్తే చాలు.