కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతోంది... ఇంకా చెవి పరీక్ష కావాలా?

ప్రశ్న: మా పాపకి 12 రోజులు. సిజేరియన్‌లో పుట్టింది. మర్నాడే చెవులు పరీక్షిస్తే కుడి చెవి ‘పాస్’, ఎడమ చెవి ‘రిఫర్’ అని వచ్చింది. నెలన్నర టీకాకి వచ్చినప్పుడు మళ్లీ చూద్దామన్నారు. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతోంది కదా, పరీక్షలెందుకని మా అత్తగారు అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ‘రిఫర్’ అంటే చెవుడు కాదమ్మా, మరోసారి చూడాలని అర్థం. పాపకి చేసింది ఓఏఈ పరీక్ష. చెవిలో మెత్తటి ప్రోబ్ పెట్టి సన్నని శబ్దాలు పంపుతారు. లోపలి చెవిలోని రోమకణాలు బాగుంటే వాటికి స్పందించి, తిరిగి అతి మెల్లని ధ్వనిని బయటికి పంపుతాయి. ప్రోబ్‌లోని మైక్ దాన్ని పట్టుకుంటుంది. శబ్దం వెళ్లే దారీ, వచ్చే దారీ ఒకటే కాబట్టి మధ్యలో ఏది అడ్డుపడినా ‘రిఫర్’ అనే చూపిస్తుంది. పుట్టిన మర్నాటికి చెవి కాలువలో తెల్లటి జిడ్డు, కర్ణభేరి వెనక నీరు మిగిలే ఉంటాయి. సిజేరియన్ పిల్లల్లో ఇది ఇంకాస్త ఎక్కువ. పాప ఏడ్చినా, గదిలో చప్పుడున్నా ఇదే ఫలితం రావచ్చు.

అయితే విజిల్ మాత్రం ఏమీ తేల్చదు. ఉలిక్కిపడటానికి ఒక్క చెవి చాలు, మీ పాప కుడి చెవి ఎలాగూ పాసైంది. ఒక చెవి వినికిడి లోపం ఇంట్లో కనిపెట్టలేక, బడికెళ్లాక బయటపడిన పిల్లలను చూస్తుంటాం.

నెలన్నర దాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి. తొందరెందుకంటే, గర్భంలోనే సోకే సీఎంవీ అనే వైరస్ వినికిడిని దెబ్బతీయగలదు. పుట్టిన 21 రోజుల్లోపు లాలాజలం లేదా మూత్రం పరీక్షిస్తేనే అది పుట్టుకతో వచ్చిందని నమ్మకంగా చెప్పగలం. ఓఏఈ మళ్లీ ‘రిఫర్’ వస్తే ఆ పరీక్షకి ఇంకా వ్యవధి ఉంటుంది.

పాలు తాగించి, నిద్రపోయాక చేయించండి. పాసైన కుడి చెవికీ మళ్లీ చేయమనండి. ఎడమది ఈసారీ పాస్ కాకపోతే ఓఏఈలే తిప్పితిప్పి చేయించవద్దు, బెరా పరీక్షకి వెళ్లండి. తలకి ఎలక్ట్రోడ్లు అతికించి, శబ్దానికి నరం ఎలా స్పందిస్తోందో, ఎంత మెల్లని శబ్దం దాకా అందుతోందో చూస్తారు. నొప్పి ఉండదు. మూడు నెలల్లోపు పిల్లలు మామూలు నిద్రలోనే చేయించుకుంటారు, పెద్దయ్యేకొద్దీ మత్తు అవసరం కావచ్చు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో అడిగి చూడండి. లోపం ఉందో లేదో 3 నెలల్లోపు తేలాలి, ఉంటే 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలి.

పాప ఎన్‌ఐసీయూలో 5 రోజులకు మించి ఉందా? మీరు రాయలేదు. ఉండి ఉంటే ఓఏఈ రెండు చెవుల్లో పాసైనా బెరా తప్పదు. రోమకణాలు బాగుండి నరంలో లోపం ఉంటే ఓఏఈ పసిగట్టలేదు.

ఈలోగా చెవిలో నూనె పోయనివ్వకండి.