మొదటి షాట్ నుంచి వెనక్కి లెక్కపెట్టు

తమ్ముడికి,

నువ్వు పంపిన స్క్రిప్టు, డిసెంబరు మొదటి ఆదివారం షూటింగుకు ఎవరు ఎన్నింటికి రావాలో రాసుకున్న కాల్‌షీటు రెండూ చదివాను. స్క్రిప్టు సంగతి తర్వాత. ఆ షీటు మాత్రం ఎవరికీ పంపకు.

అందరినీ ఉదయం 6 గంటలకు రమ్మన్నావు. సీన్లను కథలో ఉన్న వరుసలోనే పెట్టావు. మొదట పద్మారావునగర్ ఇంటి హాల్లో బామ్మ, మనవరాలు. తర్వాత సందులోని కిరాణా కొట్టు దగ్గర పాప. సూర్యాస్తమయానికి డాబా మీద బామ్మ ఒక్కతే. చివరికి రాత్రి మళ్లీ హాల్లో ఇద్దరూ. అంటే పాప పొద్దున ఆరింటికి వచ్చి రాత్రి ఎనిమిదైనా ఇంటికి వెళ్లదు.

ఆ పాపకు ఎనిమిదేళ్లు. 2017లో సవరించిన బాలకార్మిక నియమాల ప్రకారం పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఆ పని మొదలుపెట్టకపోతే రేపే వెళ్లు. ఇక ఆ రోజు నువ్వు కదపలేనివి మూడు: పాప గంటలు, సాయంత్రం 5:40 ప్రాంతంలో అస్తమించే సూర్యుడు, కొట్టు మూసే వేళ చూసి యజమాని ఇచ్చిన మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా సమయం. వీటిని ముందు కాగితం మీద పెట్టి, మిగతావన్నీ వాటి చుట్టూ సర్దు.

నేనైతే ఇలా సర్దుతాను. పాప 9కి వస్తుంది. 9:30 నుంచి 12 దాకా హాల్లో పగటి సీను. 12 నుంచి 1 దాకా అందరికీ భోజనం, పాపకు విశ్రాంతి. 1కి కెమెరా, పాప కొట్టుకు వెళతారు. అక్కడ పగటి వెలుతురు, దాన్ని ముఖం మీదికి తిప్పడానికి ఒక థర్మోకోల్ షీటు చాలు, లైట్లు అక్కర్లేదు. అందుకని ఆ గంటలో లైట్‌మెన్ హాలు కిటికీలకు నల్లగుడ్డ కట్టి రాత్రి సీనుకు లైటింగ్ చేసేస్తారు. 2 నుంచి 3 దాకా ఆ సీనులో పాప ఉన్న షాట్లన్నీ తీసి ఆమెను పంపించు. వచ్చిన దగ్గర్నుంచి లెక్కవేసినా, విశ్రాంతి పోను, సరిగ్గా 5 గంటలు. బామ్మ క్లోజప్పులకు పాప మాటలను అసిస్టెంటు పక్కనుంచి అందిస్తే సరిపోతుంది. 4:15కి డాబా ఎక్కితే రిహార్సల్సు అయ్యాక కూడా సూర్యుడు మిగిలి ఉంటాడు. ఆ సీను ఇంకా ముందే మొదలైనా పర్వాలేదు, ఆలస్యమైతే మాత్రం ఆ రోజుకు ఇక లేనట్టే. అందుకే 4:15 అన్న అంకె పక్కన ఆ మాట షీటులోనే రాయి.

రాక వేళలను మొదటి షాట్ నుంచి వెనక్కి లెక్కపెట్టు. 9:30కి షాట్ కావాలంటే 7:30కల్లా లైట్లు దిగి ఉండాలి. అంటే సామాన్లు దించేవాళ్లకు, టిఫిన్‌కు 7. కృష్ణానగర్‌లో వ్యాను కదిలేది 6:15. బామ్మ పాత్రధారిణికి మేకప్, జుట్టుకు గంట పడుతుంది, కాబట్టి ఆమెకు 8. ఆమెను 6కే రప్పిస్తే రెండు గంటలు కుర్చీలో కూర్చుని, షాట్ వేళకే అలసిపోతుంది. ప్రతి పేరు ఎదుట మూడు వేళలు వేరువేరుగా ఉండాలి: బండి ఎక్కేది, లొకేషన్‌కు చేరేది, కెమెరా ముందుకు సిద్ధమయ్యేది. ఒక్క వేళే రాస్తే నటులు దాన్ని ఇంటి దగ్గర బయల్దేరే వేళ అనుకుంటారు, మేనేజరు షాట్ వేళ అనుకుంటాడు.

అత్యవసర నంబర్ల దగ్గర 108 ఒక్కటే రాసి వదిలేశావు. అది అందరికీ తెలిసిందే. అంబులెన్సు డ్రైవరుకు ఆ ఇల్లు ఎక్కడో ఫోనులో చెప్పేది ఎవరు? సందు ఇరుకు కాబట్టి బండి ఆగగలిగే మలుపు, అక్కడి గుర్తు రాయి. ఎదురెళ్లి నిలబడే మనిషి పేరు రాయి. గాంధీ ఆసుపత్రి దగ్గరే. క్యాజువాలిటీకి ఏ గేటు నుంచి వెళ్లాలో ముందు రోజు నువ్వే వెళ్లి చూసిరా. ఇంటి మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఏ లైటు ఏ లైనుకు తగిలించకూడదో ఇంటాయనను అడిగి రాయి. ఎక్కువగా జరిగేది ఫ్యూజు పోవడమే. విద్యుత్ ఫిర్యాదుకు 1912 ఉంది గానీ, ఆదివారం పూట లైన్‌మన్ వచ్చేసరికి నీ సూర్యుడు దిగిపోతాడు. పాప తల్లి ఆ రోజంతా సెట్లోనే ఉండాలి. ఆమె నంబరు నీ దగ్గర, మేనేజరు దగ్గర ఉంటే చాలు. నటీమణుల నంబర్లు అందరికీ వెళ్లే షీటులో వేయకు.

షీటు ముందు రోజు సాయంత్రానికల్లా అందరికీ చేరాలి. తర్వాత ఏది మారినా పైన కొత్త వేళ వేసి, ‘పాతది వద్దు’ అని రాసి మళ్లీ పంపు. ‘అందింది’ అని జవాబు రానివాళ్లకు ఆ రాత్రే ఫోను చెయ్యి. లైట్‌మెన్‌కు తప్పకుండా చెయ్యి, వాళ్లు వాట్సాప్ చూసేది పని అయిపోయాకే.

ఇంతకీ డాబా తాళం ఇంటాయన దగ్గరుందా, పైవాటా అద్దెవాళ్ల దగ్గరుందా? కనుక్కుని, సవరించిన షీటు శుక్రవారంలోగా పంపు.

మీ అన్నయ్య