వెబ్‌సైట్ మెయింటెనెన్స్‌కి నెలకు 6,000 ఇవ్వొచ్చా?

ప్రశ్న: మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నెలకు 1.8 లక్షల అమ్మకం, ఖర్చులు పోను 20 శాతం మిగులుతుంది. సైటు చేసిన డెవలపర్‌కి గంటకు 800 చొప్పున నిరుడు 24,000 ఇచ్చాను. దసరా ముందు, అమ్మకాలు మూడింతలున్న రోజుల్లో, పేమెంట్ పేజీ రెండు రోజులు ఆగింది; ఆయన ఫోనెత్తలేదు. ఇప్పుడు నెలకు 6,000 ఇస్తే అన్నీ చూసుకుంటానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: 6,000కి వద్దమ్మా. కానీ నెలవారీ ఒప్పందం మాత్రం పెట్టుకోండి.

మామూలు రోజున మీకు మిగిలేది 1,200. దసరా ముందు ఆ రెండు రోజుల్లో పోయింది 7,200. పనికి ఇచ్చిన 24,000 కలిపితే నిరుటి భారం 31,200. ఆయన అడుగుతున్నది ఏడాదికి 72,000.

నిరుడు పట్టిన పని 30 గంటలు, అంటే నెలకు రెండున్నర. మూడు గంటలకు 2,400, పిలిస్తే పలికినందుకు విడిగా 1,000 ఇస్తామని చెప్పండి. మొత్తం 3,400. నిరుటికంటే ఏడాదికి 9,600 ఎక్కువే, కానీ విసిగి వేరే దుకాణానికి పోయినవాళ్ల లెక్క పైన కట్టలేదు కదా. వాడని గంటలు మరుసటి నెలకు రావాలి. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం కలుస్తుంది, ముందే అడగండి.

ఆ వెయ్యి దేనికో కాగితం మీద ఉండాలి. ‘వెంటనే చూస్తాను’ అన్న మాట చాలదు. పేమెంట్ ఆగినా, సైటు తెరుచుకోకపోయినా, ఆదివారమైనా సరే, ఉదయం 9 నుంచి రాత్రి 11 మధ్య గంటలో పలకాలి, నాలుగు గంటల్లో సైటు నడిపించాలి. తప్పితే ఆ నెల వెయ్యి ఇవ్వరు. బ్యాంకు వైపో హోస్టింగ్ వైపో ఆగితే ఆయన చేతిలో ఉండదు. అప్పుడు కంప్లయింట్ పెట్టి మీకు చెబితే చాలు. ఫొటో మార్చడంలాంటివాటికి రెండు పనిదినాలు ఇవ్వండి.

పేమెంట్ పేజీలు చాలాసార్లు అప్‌డేట్ తర్వాతే చెడతాయి. అందుకే బ్యాకప్ తీసి, సైటు కాపీలో ముందు ప్రయత్నించి, అసలు సైటులో పెట్టాక ఒక టెస్ట్ ఆర్డర్ వేసి ఆ నంబరు మీకు వాట్సాప్ చేయాలి. పండగ వారంలో సెక్యూరిటీవి తప్ప వేరే అప్‌డేట్లు వద్దు. పాత బ్యాకప్ తిరిగి పెట్టాల్సి వస్తే, అది తీశాక వచ్చిన ఆర్డర్లు చెరిగిపోవచ్చు, కాబట్టి వాటిని ముందు డౌన్‌లోడ్ చేయాలన్న మాట కూడా రాయించండి.

నిన్నటిదాకా పనిచేసి ఆగింది రిపేరు. ఎప్పుడూ లేనిది అడిగితే కొత్త పని, దానికి వేరే ధర. ఆయన అప్‌డేట్ వల్లే చెడితే ఆ గంటలు మీ మూడింట్లో కోయకూడదు.

ఏడాది డబ్బు ముందే కట్టకండి, ఏ నెలకానెల ఇవ్వండి. ఎవరైనా 30 రోజుల నోటీసుతో విరమించుకోవచ్చని రాసుకోండి. సంతకానికి ముందే డొమైన్, హోస్టింగ్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆయన పేరున ఉంటే మార్పించాకే మొదటి నెల డబ్బు ఇవ్వండి.