అమెరికా నుంచి వచ్చిన ప్లేస్టేషన్ గిఫ్ట్ కార్డు ఇక్కడ ఎందుకు చెల్లడం లేదు?

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా బాబాయి 50 డాలర్ల ప్లేస్టేషన్ కార్డు కోడ్ పంపారు. హైదరాబాద్‌లో మా PS5లో కొడితే చెల్లదంటోంది. కోడ్ వాడేసినదా, లేక దేశం తేడానా?

జవాబు: చాలావరకు ఇది దేశం తేడాయే. ఈ విషయంలో కన్సోల్ ఎక్కడ కొన్నారన్నది ముఖ్యం కాదు. ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశమే ముఖ్యం. డాలర్ల కార్డు అమెరికా ఖాతాలో మాత్రమే జమ అవుతుంది, రూపాయల్లో నడిచే భారతీయ ఖాతాలోకి మార్చుకుని రాదు.

దేశం తేడాతో తిరస్కరణకు గురైన కోడ్ ఖర్చు కాదు, కాబట్టి అది ఇంకా పనికొస్తుంది. బాబాయి తన అమెరికా ఖాతాలో దాన్ని నమోదు చేసి చూస్తే అసలు సంగతి తేలుతుంది: జమ అయితే దేశమే కారణం. అక్కడ కూడా చెల్లకపోతే అక్షరాలు సరిచూసుకోవాలి. ఆ తర్వాత, ఈలోగా ఇంట్లో మరెవరైనా వాడారేమో తెలుసుకోవడానికి వారి ఖాతాల్లో Transaction History చూడాలి. అందులోనూ లేకపోతే, దుకాణంలో బిల్లు వేసేటప్పుడు కార్డును యాక్టివేట్ చేయకపోయి ఉండవచ్చు. అప్పుడు రసీదుతో అడగవలసింది అమ్మినవారినే.

ఈ డబ్బు కోసమే మీరు కొత్తగా అమెరికా ఖాతా తెరవాలని నేను చెప్పను, ఎందుకంటే అక్కడ కొన్న అదనపు కంటెంట్ ఇక్కడ కొన్న ఆటతో కలవకపోవచ్చు. ఆ కోడ్‌ను బాబాయే వాడుకుని, మీకు భారతీయ కార్డు పంపడం మేలు.