పట్టికలో i నిలువు వరస ఒక్కటి చూడండి

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. సెంట్రోసిమెట్రిక్ అణువులో ఒకే కంపనం ఐఆర్‌లోనూ రామన్‌లోనూ రాదని క్యారెక్టర్ టేబుల్‌తో ఎలా చూపించాలి? మా సార్ CO2 చెప్పి వదిలేశారు.

ఈ పాఠం CO2 తో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. అమలాపురంలో ఎన్నో బ్యాచ్‌లకు ఇది చెప్పాను. CO2 గ్రూపు D∞h. అందులో ఆపరేషన్లు అనంతం కాబట్టి, h తో భాగించే మామూలు రిడక్షన్ ఫార్ములా అక్కడ పని చెయ్యదు. ఇక పిల్లలు లెక్క మానేసి "667, 2349 ఐఆర్‌లో వస్తాయి" అని బట్టీ పట్టేస్తారు. ట్రాన్స్-1,2-డైక్లోరోఇథిలీన్ తీసుకోండి. ఆరే పరమాణువులు, నాలుగే ఆపరేషన్లు, లెక్క అరపేజీలో తేలిపోతుంది.

```
C2h   E   C2    i   σh
Ag    1    1    1    1   Rz      x², y², z², xy
Bg    1   -1    1   -1   Rx, Ry  xz, yz
Au    1    1   -1   -1   z
Bu    1   -1   -1    1   x, y
```

పరమాణువులన్నీ xy తలంలో ఉన్నాయి, C2 అక్షం z వెంట ఉంది. E కింద పద్దెనిమిది. C2 చేసినా i చేసినా ఏ పరమాణువూ తన చోట నిలవదు కాబట్టి రెండిటికీ సున్నా. σh లో ఆరూ కదలవు, ఒక్కోటి 1 ఇస్తుంది, మొత్తం ఆరు. 18, 0, 0, 6 ని విడగొడితే 6Ag + 3Bg + 3Au + 6Bu వస్తుంది. అందులోంచి అణువు మొత్తంగా జరిగే మూడు కదలికలు (Au + 2Bu), తిరిగే మూడు (Ag + 2Bg) తీసేస్తే మిగిలేవి 5Ag + Bg + 2Au + 4Bu. పన్నెండు కంపనాలూ లెక్కకు వచ్చేశాయి.

ఇప్పుడు i నిలువు వరస చూడండి. ఐఆర్‌లో గీత రావాలంటే కంపనంతో డైపోల్ మారాలి, డైపోల్ x, y, z లాగే నడుస్తుంది. ఇన్వర్షన్ చేస్తే x కాస్తా -x అవుతుంది, అందుకే ఆ మూడూ i కింద -1 ఉన్న వరసల్లోనే ఉంటాయి. రామన్‌కు పోలరైజబిలిటీ మారాలి, అది x², xy లాగ నడుస్తుంది. రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ కాబట్టి అవన్నీ +1 ఉన్న వరసల్లోనే ఉంటాయి. ఒక కంపనం ఒకే వరసకు చెందుతుంది, ఆ వరసకు i కింద ఒకే గుర్తు ఉంటుంది. నిరూపణ ఇంతే. C2h అయినా D6h అయినా Oh అయినా ఇదే మాట. మన అణువులో ఆరు (5Ag + Bg) రామన్‌కి, ఆరు (2Au + 4Bu) ఐఆర్‌కి పోయాయి.

నిరూపణ తేలికే. చిక్కంతా కాగితం మీద స్పెక్ట్రమ్ చేతికొచ్చాక మొదలవుతుంది. కోటిపల్లి నుంచి వచ్చే ఒకమ్మాయి ప్రాక్టికల్ వైవాలో పైన రాసిందంతా తడుముకోకుండా చెప్పింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు రెండు స్పెక్ట్రాలు ముందు పెట్టి, "ఐఆర్‌లో ఆరన్నావు, నాలుగే ఉన్నాయి. పైగా 830 ప్రాంతంలో రెండిట్లోనూ గీత ఉంది. నీ రూల్ ఏమైంది?" అన్నాడట. మార్కులు కోసేశాడు. ఆ సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకొచ్చి కూర్చుంది. "లెక్క తప్పలేదు కదండీ మాస్టారూ, మరి గీతలెందుకు తప్పుతున్నాయండీ?" అంది. పంటు వేళ అవుతోందని ఇంట్లోవాళ్ళు ఫోన్లు చేస్తున్నా కదలలేదు. స్కేలు పెట్టి ఒక్కో గీతా కొలుచుకుంటూ పోయాం.

ముందు ఆ 830 సంగతి. C–Cl బంధాలు రెండున్నాయి. రెండూ కలిసి సాగితే Ag, అది రామన్‌లో 846 cm⁻¹. ఒకటి సాగుతుంటే ఇంకోటి కుంచించుకుంటే Bu, అది ఐఆర్‌లో 828. అంటే అవి రెండు వేర్వేరు కంపనాలు, పద్దెనిమిది cm⁻¹ దూరంలో ఉన్నాయి. చిన్న కాగితం మీద ప్రింటు తీస్తే ఒకటే అనిపిస్తాయి. C–H సాగుడు కూడా అంతే, రామన్‌లో 3073, ఐఆర్‌లో 3090. గీతలు దగ్గరగా ఉన్నంత మాత్రాన కలిసినట్టు కాదు. పరికరం రిజల్యూషన్ ఎంతో, రెండు పరికరాల కాలిబ్రేషన్ ఎంతవరకు సరిపోతుందో తెలియకుండా రూల్ తప్పిందనడం అన్యాయం.

ఇక మిగతా రెండు గీతలు. ఆరు ఐఆర్ కంపనాల్లో ఒకటి 250 దగ్గర, ఇంకోటి 227 దగ్గర ఉన్నాయి. మన కాలేజీల్లో ఉండే KBr ఆప్టిక్స్ పరికరం 400 దగ్గర ఆగిపోతుంది. 3090, 1200, 900, 828 కనిపించాయంటే ఆ పరికరం చూపించగలిగినవన్నీ చూపించినట్టే. ఆ అమ్మాయి చెప్పిన ఆరూ సరైనవే. అన్నేళ్ళ సర్వీసున్న మనిషి పరికరం హద్దు చూసుకోకుండా పిల్ల మార్కులు కొయ్యడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అసలు చూడాల్సింది C=C సాగుడు. ట్రాన్స్‌లో అది Ag, రామన్‌లో 1578 దగ్గర నిటారుగా లేస్తుంది. ఐఆర్‌లో ఆ చోట ఖాళీగా ఉండాలి. ఆ కాగితంలో మాత్రం 1590 ప్రాంతంలో చిన్న బుడిపె ఉంది. దాని కారణం సీసాలోనే దొరుకుతుంది. ట్రాన్స్ 48 డిగ్రీలకు, సిస్ 60 డిగ్రీలకు మరుగుతాయి, సరిగ్గా వేరు చెయ్యకపోతే కొంచెం సిస్ మిగిలిపోతుంది. సిస్‌కి C2v, అందులో i లేదు, C=C సాగుడు A1 కాబట్టి 1587 దగ్గర రెండిట్లోనూ వస్తుంది. బుడిపె సిస్‌దేనా అని తేల్చుకోవాలంటే 697 చూడండి, అక్కడ సిస్‌కి బలమైన ఐఆర్ గీత ఉంటుంది. మళ్ళీ డిస్టిల్ చేసినప్పుడు రెండూ కలిసి తగ్గితే కల్తీ అన్నమాట. సిస్ మొత్తం లెక్క 5A1 + 2A2 + B1 + 4B2. పన్నెండూ రామన్‌లో వస్తాయి, A2 రెండూ తప్ప మిగతా పదీ ఐఆర్‌లోనూ వస్తాయి. ట్రాన్స్ పక్కన దీన్ని పెట్టి చూపిస్తే పిల్లలకు ఒక్క గంటలో ఎక్కుతుంది.

ఇంకో సంగతి పాఠాల్లో ఎవరూ ఎత్తరు. ప్రకృతిలో క్లోరిన్ మూడొంతులు 35, పావు వంతు 37. కాబట్టి ట్రాన్స్ అణువుల్లో మూడో వంతు పైగా ఒక పక్క 35, ఇంకో పక్క 37 ఉంటాయి. నిక్కచ్చిగా చూస్తే వాటికి కేంద్ర సౌష్ఠవమే లేదు. అయినా రూల్ దాదాపుగా నిలుస్తుంది. ఎలక్ట్రాన్ల అమరికకు ఆ సౌష్ఠవం అలాగే ఉంది, బరువులో తేడా వల్ల g, u కంపనాలు కొద్దిగా మాత్రమే కలుస్తాయి. C=C సాగుడులో క్లోరిన్ కదలిక తక్కువ కాబట్టి అక్కడ ఆ ప్రభావం మరీ స్వల్పం.

రామన్ గీతలకు గ్రూపు సిద్ధాంతం వాడే పని 1930లలోనే వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, వెంకటరాయుడు గార్లు స్ఫటికాల మీద చేశారు. మన పిల్లల్లో ఆ పేర్లు విన్నవాళ్ళు నాకు ఎదురుపడలేదు. ఈ పాఠం మొదలయ్యే రోజే వాళ్ళ పేర్లు చెప్పాలని నా పట్టుదల.

వైవాలో తిరగేసి అడుగుతారు, దానికీ సిద్ధంగా ఉండండి: "ఉమ్మడి గీత ఒక్కటీ లేదు, అంటే కేంద్రం ఉన్నట్టేనా?" కాదు. D5h టేబుల్ తీసి చూడండి. అందులో i లేదు. అయినా x, y, z ఉన్నవి E1', A2'' లో, వర్గాలు, లబ్ధాలు ఉన్నవి A1', E2', E1'' లో. ఒక్క వరస కూడా కలవదు. ఫెర్రోసీన్ రెండు వలయాలూ ఎదురెదురుగా ఉంటే D5h, మెలి తిరిగి ఉంటే కేంద్రం ఉన్న D5d, రెండిట్లోనూ గీతలు విడిపోయే వస్తాయి. కిరీటంలా ఉండే S8 గ్రూపు D4d, అక్కడా ఇదే పరిస్థితి. బలమైన ఉమ్మడి గీత నిజంగా ఒకటి దొరికితే కేంద్రం లేదని చెప్పొచ్చు. దొరకకపోతే, ఏయే ఆకారాలకు అవకాశం ఉందో వాటి టేబుళ్ళన్నీ పక్కపక్కన పెట్టి ఒక్కోదానికీ గీతలు లెక్కగట్టి పోల్చాలి.