వైఫై ఎక్స్‌టెండర్ పెట్టాక వేగం సగమవడానికి కారణం

“విజయనగరంలో మా మేడ మీది గదికి ఎక్స్‌టెండర్ పెట్టాను. సిగ్నల్ నిండుగా ఉంది కానీ కింద 80 ఎంబీపీఎస్ వస్తే పైన 38 దాటడం లేదు. పరికరం పాడైందా అండీ?”

పాడవలేదండీ. ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్ రౌటర్ నుంచి అందుకున్న ప్రతి ప్యాకెట్‌నూ అదే ఛానల్‌పై మీ ఫోన్‌కు మళ్లీ పంపాలి. ఒక ఛానల్‌పై ఒకరు పంపుతున్నప్పుడు మిగిలినవారు ఆగవలసిందే కనుక, ఒకే సమాచారానికి గాలిలో రెండింతల సమయం ఖర్చవుతుంది. ఫోన్‌లో కనిపించే గీతలు ఎక్స్‌టెండర్ వరకు ఉన్న బలాన్నే చూపుతాయి.

ఎక్స్‌టెండర్ లాన్ పోర్టుకు ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి చూడండి. వేగం 70 దాటితే లోపం ఈ పునఃప్రసారానిదే. అప్పుడూ 38 దగ్గరే ఉంటే రౌటర్ సిగ్నలే అక్కడికి బలహీనంగా చేరుతోంది. పరికరాన్ని మెట్ల మలుపు దగ్గరకు దించండి.

శ్రీకాకుళంలో మా ఇంట్లో నేను చేసినట్టు, మేడ మీదికి ఈథర్నెట్ కేబుల్ లాగి, పరికరాన్ని తీగతో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే Access Point మోడ్‌కు మార్చి, రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా రౌటర్ 1వ ఛానల్‌లో ఉంటే దీనికి 6 ఇవ్వండి.